‘లీడ్స్ టు’ 14 సార్లు రాశాను, ట్యూటర్ ఒప్పుకోవట్లేదు

అక్కా, నమస్తే. నాది నల్గొండ జిల్లా, ఇప్పుడు యూకేలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేస్తున్నా. మొదటి ఎస్సే మా ఏరియా ఫ్లోరోసిస్ మీద రాస్తే 48 వచ్చింది, ఇక్కడ పాస్ 50. కారణాలు చెప్పేస్తున్నావు కానీ వాటిని నిలబెట్టట్లేదు అని ట్యూటర్ కామెంట్. ‘లీడ్స్ టు’ 14 సార్లు ఉందని కూడా రాశారు. రూమ్మేట్ చెప్పాడని కొన్నిచోట్ల ‘రిజల్ట్స్ ఇన్’, కొన్నిచోట్ల ‘ఓయింగ్ టు’ పెట్టి మళ్లీ చూపిస్తే అదే కామెంట్, పైగా గ్రామర్ కూడా తప్పన్నారు. మా తాతయ్య నడుం వంగిపోయి కర్ర లేకుండా నడవలేక పోయాడు, కళ్లారా చూసినోణ్ణి, నేను ఇంకేం నిరూపించాలి? రీసబ్మిషన్‌కి 10 రోజులే ఉంది. లోన్ మీద వచ్చాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీష్‌లో రాయడమే నా తప్పా? పేరా ఇది: “ఓవర్ ఎక్స్‌ట్రాక్షన్ ఆఫ్ గ్రౌండ్‌వాటర్ లీడ్స్ టు ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ లీడ్స్ టు ఫ్లోరోసిస్. ఫ్లోరోసిస్ రిజల్ట్స్ ఇన్ పావర్టీ. ఓయింగ్ టు పీపుల్ ఆర్ పూర్, దే డ్రింక్ బోర్‌వెల్ వాటర్. డ్యూ టు దిస్ లీడ్స్ టు మోర్ ఫ్లోరోసిస్.”

తమ్ముడూ, మీ తాతయ్య సంగతి చదివి కాసేపు అలా ఉండిపోయాను. ముందు ఆ ముడి విప్పుదాం, ఎందుకంటే నీ కోపమంతా అక్కడే ఉంది. ట్యూటర్ మీ తాతయ్య నొప్పిని కాదనలేదు. నీ పేరాలో కారణం-ఫలితం లింకులు ఐదు ఉన్నాయి, ఒక్కో వాక్యానికి ఒకటి. వాటిలో నువ్వు కళ్లారా చూసింది ఒక్కటే, ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు పాడవడం. అది ఎవరూ కాదనని విషయం కూడా. మిగతా నాలుగూ నువ్వు చూసినవి కావు, అనుకున్నవి. కానీ ఐదింటికీ ఒకే రకం గట్టి మాటలు వాడావు కాబట్టి చదివేవాళ్లకి ఏది తెలిసిన సంగతో ఏది నీ ఊహో తేడా తెలియట్లేదు. కామెంట్ అర్థం అదే అని నాకనిపిస్తోంది, అందుకే ‘లీడ్స్ టు’ తీసేసి ‘రిజల్ట్స్ ఇన్’ పెట్టినా అది పోలేదు. చొక్కా మార్చావు కానీ లోపల మనిషి వాడే కదా.

గ్రామర్ ముందు చూద్దాం, అది తొందరగా తేలిపోతుంది, నీ చివరి ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది.

మనకి తెలుగులో ‘వల్ల’ అని ఒక అద్భుతమైన మాట ఉంది, దేనికైనా తగిలించొచ్చు. వాన వల్ల, నీ వల్ల, పేదవాళ్లు కావడం వల్ల, నీళ్లు లేకపోవడం వల్ల. చివరి రెండూ చూడు, అక్కడ నిజానికి పూర్తి వాక్యం ఉంది, ‘వాళ్లు పేదవాళ్లు’ అని, దాన్ని మనం ‘కావడం’ అని ఒక్క మెలిక తిప్పి నామవాచకం చేసి తర్వాత ‘వల్ల’ పెడుతున్నాం, ఈ పని నోరు దానంతటదే చేసేస్తుంది కాబట్టి మనకి తెలియదు. ఇంగ్లీష్‌లోకి వెళ్లేటప్పుడు ‘వల్ల’ ఒక్కటే తీసుకెళ్లి దాన్ని ‘ఓయింగ్ టు’ అనేసి ఆ ‘కావడం’ని ఇక్కడే వదిలేస్తున్నాం. అలా పుట్టిందే నీ ‘ఓయింగ్ టు పీపుల్ ఆర్ పూర్’. ‘ఓయింగ్ టు’, ‘డ్యూ టు’, ‘బికాజ్ ఆఫ్’ ఈ మూడింటి వెనకాల పేరో పేరులాంటి మాటో రావాలి, వాక్యం రాకూడదు. ‘ఓయింగ్ టు పావర్టీ’ అను, సరిపోతుంది. లేదంటే ‘బికాజ్ దే ఆర్ పూర్’ అను, ‘ఆఫ్’ లేని ఉత్త ‘బికాజ్’ వెనకాల వాక్యం పెట్టొచ్చు. గుర్తుండటానికి ఒకటి చెప్తా, ‘ఓ’ అన్నా ‘డ్యూ’ అన్నా అసలు అర్థం బాకీ. ఈ ఫలితం ఎవరికి బాకీ ఉంది అని అడిగితే ఒక పేరు చెప్తాం కదా, పెద్ద కథ చెప్పం కదా, అలా.

‘డ్యూ టు దిస్ లీడ్స్ టు’ కూడా అలాంటిదే, ‘దీనివల్ల’ అని మొదలుపెట్టి ‘దారి తీస్తుంది’ అని ముగించావు. ఇంగ్లీష్‌లో ‘లీడ్స్’ ముందు దారి తీసేది ఏదో కనపడాలి, దాన్ని నీ ‘డ్యూ టు’ లాగేసుకుంది, ఇక ‘లీడ్స్’కి కర్తే లేకుండా పోయింది. రెండింట్లో ఒకటి ఉంచు, ‘దిస్ లీడ్స్ టు’ అను, లేదా ‘డ్యూ టు దిస్’ అని కామా పెట్టి వేరే కర్తతో వాక్యం రాయి. అయితే ‘దిస్’ అంటే ఏది అనేది కూడా ఆలోచించు, నీ పేరాలో అది పేదరికమా బోరు నీళ్లా రెండూనా తెలియట్లేదు. ‘దిస్’ వెనకాల ఒక పేరు పెట్టే అలవాటు చేసుకుంటే సగం అయోమయం పోతుంది, ‘దిస్ డిపెండెన్స్’, ‘దిస్ ఎక్స్‌పోజర్’ అని.

పాత పద్ధతి వాళ్లు ‘డ్యూ టు’ని ‘ఈజ్, వాజ్’ తర్వాతే రావాలంటారు, ‘ద డిలే వాజ్ డ్యూ టు రెయిన్’ అని, వాక్యం మొదట్లో అయితే ‘ఓయింగ్ టు’ వాడమంటారు. ఇప్పుడు చాలామంది పట్టించుకోరు కానీ నీ ట్యూటర్ ఏ రకమో మనకి తెలీదు కాబట్టి ఆ పద్ధతి పాటిస్తే పోయేదేమీ లేదు. ఇంకో రెండు చిన్నవి. ‘రిజల్ట్స్ ఇన్’ అంటే కారణం ముందు ఫలితం తర్వాత, ‘రిజల్ట్స్ ఫ్రమ్’ అంటే ఫలితం ముందు కారణం తర్వాత, ‘రిజల్ట్స్ టు’ అనేది లేదు. ‘లీడ్’కి భూతకాలం స్పెల్లింగ్ ఎల్ఈడీ బల్బులో ఉన్న మూడక్షరాలే, మధ్యలో ‘ఏ’ పెడితే అది సీసం అయిపోతుంది, స్పెల్ చెక్ కూడా పట్టుకోకపోవచ్చు. అలాగే ‘లీడ్స్ టు డ్రింక్’ కాదు, ‘లీడ్స్ టు డ్రింకింగ్’. మధ్యలో మనుషులు వస్తే మాత్రం ‘లీడ్స్ పీపుల్ టు డ్రింక్’ కరెక్టే. గ్రామర్ నుంచి నీకు కావాల్సింది ఇంతే.

ఇప్పుడు అసలు విషయం. నువ్వూ నీ రూమ్మేటూ ‘లీడ్స్ టు’, ‘రిజల్ట్స్ ఇన్’, ‘ఓయింగ్ టు’ ఈ మూడు మాటల్నీ ఒకదానికి ఒకటి పర్యాయపదాలు అనుకున్నారు. చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి సరిపోతాయి, నిజమే, కానీ చదివేవాళ్లని అవి అడిగేది వేరు. ‘లీడ్స్ టు’లో దారి ఉంది, మన ‘దారి తీస్తుంది’ లాగే. ఇక్కడ మొదలైంది, కొంత దూరం నడిచింది, అక్కడికి చేరింది. మధ్యలో టైమ్ ఉంది, వేరే మలుపులు ఉండొచ్చు, దారి ఎలా నడిచిందో నువ్వు చూపిస్తావని చదివేవాళ్లు ఎదురుచూస్తారు. ‘రిజల్ట్స్ ఇన్’ చూపు చివరి మెట్టు మీద ఉంటుంది, ఇదిగో తేలింది ఇది అని, కాబట్టి ఎంత తేలిందో, ఎక్కడ కొలిచారో చెప్పకపోతే బోసిగా ఉంటుంది. ‘ఓయింగ్ టు’ ఇంకా వేరు. అది కారణాన్ని వాక్యంలో ఒక పక్కన కూర్చోబెట్టి, ఇది మనందరికీ తెలిసిందే కదా అన్నట్టు ముందుకెళ్లిపోతుంది. అందుకే చదివేవాళ్లు ఆల్రెడీ ఒప్పుకున్న కారణానికి అది చక్కగా సరిపోతుంది, నువ్వు ఇంకా నిరూపించాల్సిన కారణానికి వాడితే మాత్రం నిరూపించకుండా దాటేసినట్టు కనిపిస్తుంది. రూమ్మేట్ మాట విని ‘ఓయింగ్ టు’ పెట్టిన చోట నీ పేరా ఇంకా బలహీనపడింది, బాధపెట్టాలని అనట్లేదు, అది ఎందుకో తెలియాలి నీకు.

నీ వాక్యాలే తీసుకుని చూద్దాం.

మొదటిది, బోర్లు ఎక్కువ తోడటం ఫ్లోరైడ్‌కి దారి తీస్తుంది అన్నావు. తోడితే ఫ్లోరైడ్ పుట్టదు తమ్ముడూ, అది మన దగ్గరి గ్రానైట్ రాళ్లలో ఉంది. ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల్లో ఉండి నీళ్లు ఆ రాతిలో ఎక్కువ కాలం ఆనుకుని ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా కరుగుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువ ఉంటే ఫ్లోరైడ్ దాంతో కలిసి అడుక్కి దిగిపోతుంది, కాల్షియం తక్కువుండి క్షార గుణం ఉంటే నీళ్లలోనే మిగిలిపోతుంది. అంటే ఇక్కడ కారణం రాయి, నీటి రసాయనం. బోర్లు లోతుకి వెళ్లడం అనేది ఆ నీళ్లని మన గ్లాసు దాకా తెచ్చిన సంగతి, కొన్నిచోట్ల మోతాదు పెంచి కూడా ఉండొచ్చు, కానీ అది ఊరు ఊరికీ మారుతుంది. ఫ్లోరిన్ ఖనిజాలు లేని రాతిలో ఎంత తోడినా ఈ జబ్బు రాదు కదా, ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే నీ ‘లీడ్స్ టు’ అక్కడ నిలబడదని నీకే తెలిసిపోతుంది. ఇలాంటి చోట ‘ఓయింగ్ టు’ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే రాతి సంగతి ఒప్పుకున్నదే. ఇలా రాయొచ్చు: “ఓయింగ్ టు ద ఫ్లోరిన్-బేరింగ్ గ్రానైట్ బినీత్ ద డిస్ట్రిక్ట్, మచ్ ఆఫ్ ఇట్స్ గ్రౌండ్‌వాటర్ ఈజ్ హై ఇన్ ఫ్లోరైడ్.” తర్వాత బోర్ల గురించి ‘మే హ్యావ్ ఇంక్రీజ్డ్ ఎక్స్‌పోజర్’ అని వేరే వాక్యం, దానికి ఒక ఆధారం.

రెండోది, ఫ్లోరైడ్ నుంచి ఫ్లోరోసిస్. ఇది నీ దగ్గరున్న గట్టి లింకు. ఇక్కడ ‘కాజెస్’ అనే వాడొచ్చు, భయపడక్కర్లేదు, మన దేశంలో ఈ జబ్బు గురించి మొదటి రిపోర్టు వచ్చిందే 1937లో అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా నుంచి. కాకపోతే ఎంత ఫ్లోరైడ్, ఏ ఫ్లోరోసిస్ అనేది చెప్పలేదు నువ్వు. డబ్ల్యూహెచ్‌ఓ గైడ్‌లైన్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. అది దాటగానే నడుం వంగిపోదు. పళ్ల మీద మచ్చలు వచ్చేది పన్ను ఎనామిల్ తయారయ్యే చిన్న వయసులో, సుమారు 8 ఏళ్ల లోపు ఆ నీళ్లు తాగితే. ఎముకల జబ్బు లీటరుకి 3 నుంచి 6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కనపడొచ్చంటారు, మీ తాతయ్యలా మనిషిని వంచేసే స్థాయి సాధారణంగా 10 దాటిన నీళ్లతో. ఎండలో పనిచేసి రోజుకి ఎన్ని లీటర్లు తాగారు, తిండిలో కాల్షియం ఉందా లేదా అనేవి కూడా కలుస్తాయి. ఇప్పుడు చూడు, ఇది నిజంగా ‘దారి’. మోతాదు ఉంది, ఏళ్లు ఉన్నాయి, మలుపులు ఉన్నాయి. కాబట్టి ‘ప్రొలాంగ్డ్ ఇంటేక్ కెన్ లీడ్ టు స్కెలిటల్ ఫ్లోరోసిస్’ అనొచ్చు, ఆ ‘ప్రొలాంగ్డ్’, ‘కెన్’ రెండు మాటలూ నీ వాక్యాన్ని నిజం దగ్గరికి తెచ్చాయి. అన్నిచోట్లా ‘మే, మైట్, కెన్’ చల్లమని కాదు, అది ఇంకో జబ్బు, తెలిసినది కూడా తెలియనట్టు రాస్తే మార్కులు అక్కడా పోతాయి.

మూడోది, ఫ్లోరోసిస్ పేదరికంగా తేలుతుంది అనేది. నడవలేని మనిషి కూలికి పోలేడు, అది నిజం. కానీ వెంటనే నాలుగో వాక్యంలో పేదవాళ్లు కాబట్టే బోరు నీళ్లు తాగుతున్నారు అన్నావు. అంటే పేదరికం ఒకచోట ఫలితం, ఇంకోచోట కారణం అయ్యింది, ఐదో వాక్యంతో గుండ్రంగా తిరిగి మొదటికొచ్చావు. గుండ్రంగా ఉండటం తప్పు కాదు, ఊళ్లో నిజంగానే అలా జరుగుతుంది. కానీ అది చక్రం అని నువ్వు తెలిసే రాశావని చదివేవాళ్లకి చెప్పాలి, లేకపోతే పొరపాటు అనుకుంటారు తప్ప మార్కులివ్వరు. పైగా నీ దగ్గరున్నది ఒకసారి చేసిన సర్వే అయితే, జబ్బున్న ఇళ్లు పేదవి అని అందులో తెలుస్తుంది కానీ ఏది ముందు వచ్చిందో తెలియదు. అలాంటప్పుడు ‘ఈజ్ అసోసియేటెడ్ విత్’ దాకానే వెళ్లగలవు. ఆ ఇళ్లనే కొన్నేళ్ల పాటు చూసిన అధ్యయనం దొరికితే ‘కాంట్రిబ్యూట్స్ టు’ దాకా వెళ్లొచ్చు. ‘రిజల్ట్స్ ఇన్’ మాత్రం వద్దు, ఎందుకంటే కరువు, అప్పు, భూమి లేకపోవడం అన్నీ పక్కన కూర్చుని ఉన్నాయి, వాటిని తోసేసి ఒక్క ఫ్లోరోసిస్ మీద పెట్టేసినట్టు అవుతుంది.

గొలుసు గురించి ఒక లెక్క చెప్తా. నీ మొదటి మూడు లింకులు ఒక్కోటీ పదికి 8 సార్లు నిజం అనుకుందాం, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉన్నాయనుకుందాం. 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.512 వస్తుంది. అంటే విడివిడిగా బాగానే ఉన్న మూడు లింకులు కలిపేసరికి బోర్ల నుంచి పేదరికం దాకా వెళ్లే వాదన దాదాపు సగానికి సగం. ‘లీడ్స్ టు’ల వరుస చదువుతున్నప్పుడు ట్యూటర్‌కి కలిగే అనుమానం ఇదే, చివరికి వచ్చేసరికి కాళ్ల కింద నేల కదులుతున్నట్టు.

సరే, నీ 10 రోజుల్లో ఏం చేయొచ్చు. నాకు మూడు దారులు కనపడుతున్నాయి, ఏది తీసుకుంటావో నీ ఇష్టం.

ఒకటి, గ్రామర్ సరిచేసి, 14 చోట్లా ఒక్కోదానికీ తగ్గ మాట పెట్టి, వాదన అలాగే ఉంచి ఇచ్చేయడం. రెండు రోజుల పని. నీకు 2 మార్కులే తక్కువ కాబట్టి గట్టెక్కే అవకాశం లేకపోలేదు, చాలా యూనివర్సిటీల్లో రీసబ్మిషన్‌కి ఎంత బాగా రాసినా 50 దగ్గరే ఆపేస్తారు కూడా, నీ హ్యాండ్‌బుక్‌లో చూసుకో. కానీ కామెంట్ వాదన మీద ఉంది కాబట్టి రిస్కు మిగిలే ఉంటుంది, రేపు డిసర్టేషన్‌లో అదే కామెంట్ మళ్లీ వస్తుంది, అప్పుడు పేరా కాదు మొత్తం చాప్టర్ తిరగరాయాలి.

రెండు, పేదరికం ముక్క మొత్తం తీసేసి రాయి నుంచి ఎముక దాకా మాత్రమే రాయడం. నేనైతే దీనివైపే మొగ్గుతా, ఎందుకంటే ఆ రెండు లింకులకీ ఆధారాలు ఈజీగా దొరుకుతాయి, 10 రోజులకి సరిపోతుంది. నష్టం ఏంటంటే ఎస్సే ప్రశ్నలోనే సామాజిక కారణాలు అడిగి ఉంటే ఇది కుదరదు, ప్రశ్న సగం వదిలేసినట్టు అవుతుంది. ప్రశ్న నువ్వు పంపలేదు కాబట్టి అది నువ్వే చూసుకోవాలి.

మూడు, చక్రాన్ని ఉంచి దాన్నే వాదన చేయడం. పేదరికం, జబ్బు ఒకదాన్ని ఒకటి పెంచుతున్నాయి, ఏది ముందో ఇప్పుడున్న డేటాతో ఇంతవరకే చెప్పగలం అని నిజాయితీగా రాయడం. బాగా కుదిరితే ఇదే అన్నింటికన్నా మంచి ఎస్సే అవుతుంది. కానీ చదవాల్సింది ఎక్కువ, 10 రోజుల్లో వేరే క్లాసులు కూడా ఉంటే సగంలో ఆగిపోతావేమో అని నా భయం.

ఏది తీసుకున్నా పని మొదలుపెట్టే పద్ధతి ఒకటే. 14 ‘లీడ్స్ టు’లనీ కాగితం మీద వరసగా రాసి, ఒక్కోదాని పక్కన తెలుగులోనే మూడు ముక్కలు రాయి: ఎలా, ఎంత కాలంలో, ఎవరు కొలిచారు. మూడూ రాయగలిగితే ఆ వాక్యం ఉంచు. ‘ఎలా’ ఒక్కటే వచ్చి ‘ఎవరు కొలిచారు’ రాకపోతే ఆధారం వెతుకు లేదా మాట మెత్తబరుచు. ఏదీ రాకపోతే తీసేయ్. తెలుగులో ఆలోచించడం నీ తప్పు కానే కాదు, అక్కడే నీకు విషయం స్పష్టంగా ఉంది. దాటించేటప్పుడు ‘కావడం’ని వదిలేయకుండా చూసుకుంటే చాలు. రూమ్మేట్‌తో మాత్రం వాక్యాలు రాయించుకోవద్దు, చదివి చెప్పించుకోవడం వేరు రాయించుకోవడం వేరు, రెండోది పట్టుబడితే 48 కన్నా చాలా పెద్ద సమస్య.

తాతయ్యని ఎస్సేలో పెట్టాలా అని నువ్వు అడగలేదు కానీ మనసులో ఉందనిపించింది. పెట్టొచ్చు, మొదటి పేరాలో రెండు వాక్యాలు, ఆ జబ్బు మనిషిని ఏం చేస్తుందో చూపించడానికి. అప్పుడు చదివేవాళ్లు ఆ ఊళ్లోకి వస్తారు. కానీ కారణానికి రుజువుగా ఆయన్ని నిలబెట్టకు, ఆయన తాగిన నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో ఎవరూ కొలిచి ఉండరు, ఒక్క మనిషి మీద వాదన పెడితే ట్యూటర్ ఆ వాక్యాన్నే కొట్టేస్తారు, అది నీకు మార్కు పోవడం కన్నా ఎక్కువ బాధ. కొన్ని మాడ్యూల్స్‌లో సొంత అనుభవం రాయడాన్నే ఒప్పుకోరు, అది ముందే ట్యూటర్‌ని అడిగేయ్.

అడగడానికి వెళ్లేటప్పుడు ఎస్సే మొత్తం పట్టుకెళ్లకు, సరిచేసిన ఈ ఒక్క పేరా పట్టుకెళ్లు. ‘ఇది బాగుందా’ అని అడిగితే ‘పర్లేదు’ అంటారు, అక్కడితో అయిపోతుంది. ఏ వాక్యం దగ్గర మీకు నమ్మకం పోయింది అని అడుగు, వేలు పెట్టి చూపిస్తారు. ఇంట్లో చెప్పడం ఆ మీటింగ్ అయ్యాక ఆలోచించు, అప్పటికి ఎన్ని రోజుల పని మిగిలిందో నీకే తెలుస్తుంది, నాన్నకి చెప్పడానికి కూడా ఒక మాట ఉంటుంది.